గొంతు నాన్నగారిదే, ఆ మాట ఆయనదేనా?

"సార్, మాది శ్రీకాకుళం జిల్లా, రణస్థలం దగ్గర పల్లెటూరు. భూమి అమ్ముతానని మా నాన్నగారు మూడు లక్షలు అడ్వాన్స్ తీసుకున్నట్టు ఒప్పుకుంటున్న ఆడియో ఒకటి ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఫోన్ కాల్ రికార్డింగ్ అంటున్నారు. గొంతు అచ్చం ఆయనదే, కానీ నేనలా అననే లేదంటున్నారు. ఒక వెబ్‌సైట్‌లో పెట్టి చూస్తే 72 శాతం ఏఐ అని వచ్చింది. ఇది చాలా? వాళ్లు కోర్టుకి వెళ్తే ఏమవుతుంది?"

చాలదు బాబూ. ఆ 72ని పెద్దమనుషుల ముందు కూడా పెట్టకండి. రేపు అవతలివాళ్లు అదే క్లిప్ ఇంకో వెబ్‌సైట్‌లో పెట్టి 30 శాతం తెచ్చి చూపిస్తే మీ మాట అక్కడికక్కడే పడిపోతుంది. ఈ పరికరాలు ఎక్కువగా ఇంగ్లీషు మాటల మీద, శుభ్రంగా రికార్డయిన ఆడియో మీద తర్ఫీదు పొందినవి. మన ఉత్తరాంధ్ర తెలుగు, అదీ వాట్సాప్‌లో పదిసార్లు నలిగి వచ్చిన తెలుగు, వాటికి చాలా కొత్త. పైగా ఆ శాతం ఎలా వచ్చిందో ఆ వెబ్‌సైట్ చెప్పదు. ఎలా వచ్చిందో చెప్పలేని అంకెని క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

నేను ఫోరెన్సిక్ పనిలో ఆడియో విభాగంలో ఇరవై రెండేళ్లు ఉన్నాను. రిటైరై ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. అప్పుడప్పుడు లాయర్లు క్లిప్పులు పట్టుకుని వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ "వినండి సార్" అంటూ ఫోను నా చెవి దగ్గర పెడతారు. నేను ముందు వినను. ఫైలు పేరు చూస్తాను.

మీరూ అదే చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో ఆ క్లిప్ ఏ పేరుతో ఉందో చూడండి. వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడి పంపిన వాయిస్ మెసేజ్ అయితే పేరు `PTT-` తో మొదలై `.opus` తో ముగుస్తుంది. ఫోన్‌లో ఉన్న ఆడియో ఫైలుని అటాచ్ చేసి పంపితే సాధారణంగా `AUD-` తో మొదలై, చివర `.m4a`, `.mp3`, `.amr` లాంటిదేదో ఉంటుంది. పేరులో ఉండే తేదీ ఆ ఫైలు మీ ఫోన్‌కి వచ్చిన తేదీయే, మాట్లాడిన తేదీ కాదు. దీన్ని చూసి పొరబడినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. కాల్ రికార్డింగ్ అనేది ఫోన్‌లో ఒక ఫైలుగా పుడుతుంది. దాన్ని పంపాలంటే అటాచ్ చేయాలి. మీ ఊళ్లో తిరుగుతున్నది `PTT-` పేరుతో ఉంటే అది కాల్ రికార్డింగ్ ఫైలు కాదు. మరో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో స్పీకర్ పెట్టి వినిపిస్తూ, ఈ ఫోన్ మైకు నొక్కి పట్టుకుని పట్టిన శబ్దం అయి ఉండాలి. అమాయకంగా కూడా ఎవరైనా ఆ పని చేయొచ్చు, కాదనను. కానీ దొంగ క్లిప్ తయారుచేసేవాడికి అది వరం. స్పీకర్ నుంచి గాలిలోకి, గాలి నుంచి మైకులోకి వెళ్లేసరికి గదిలోని ప్రతిధ్వని, ఫ్యాను చప్పుడు తోడై, కంప్యూటర్ చేసిన గొంతులో ఉండే సన్నని లోపాలన్నీ కప్పబడిపోతాయి. అప్పుడు "అసలు ఫైలు ఏది?" అన్న ఒక్క ప్రశ్న మీద గట్టిగా నిలబడాలి.

ఇంకోటి. ఆ మెసేజ్‌ని డిలీట్ చేయకండి, మళ్లీ ఫార్వర్డ్ చేసి భద్రపరచొద్దు. గ్రూపులో ఎవరు, ఎప్పుడు మొదట పెట్టారో స్క్రీన్ షాట్లు తీసుకోండి. ఫైలుని కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసి, విండోస్‌లో ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి, ఫైలు పేరు మీది వేసుకుని:

```
certutil -hashfile PTT-20250114-WA0012.opus SHA256
```

అరవై నాలుగు అక్షరాల వరస ఒకటి వస్తుంది. అదే హాష్ విలువ. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. దాన్ని కాగితం మీద రాసి తేదీ వేసుకోండి. ఈ హాష్ గురించి కోర్టు మాట వచ్చినప్పుడు మళ్లీ చెప్తాను, ఎందుకంటే జనం మోసపోయేది అక్కడే.

ఇప్పుడు విందాం. కాల్ రికార్డింగ్ అంటున్నారు కాబట్టి మొదటి ప్రశ్న: అవతలి మనిషి గొంతు ఏది? మీరు చెప్పినదాన్ని బట్టి క్లిప్‌లో మీ నాన్నగారు ఒప్పుకుంటున్నారు. ఎవరితో ఒప్పుకుంటున్నారు? రికార్డు చేసినవాడు మధ్యలో "ఊఁ", "ఔను", "అలాగలాగే" అని ఒక్కసారైనా అనాలి కదా. ఒకరి మాటలో ఒకరు దూరకుండా ఫోన్‌లో నిమిషం మాట్లాడేవాళ్లు మన వైపు ఎక్కడున్నారు చెప్పండి. ఇద్దరి గొంతులూ ఉంటే ఆ రెంటికీ తేడా ఉందా అని వినండి. చాలా ఫోన్లలో రికార్డు చేసినవాడి గొంతు దగ్గరగా, నిండుగా ఉంటుంది. అవతలి గొంతు నెట్‌వర్క్‌లో వడగట్టుకుని సన్నగా వస్తుంది. రెండూ ఒకే గదిలో ఒకే మైకు ముందు మాట్లాడినట్టు ఉంటే అనుమానించాలి.

కొంచెం కంప్యూటర్ తెలిసినవాళ్లుంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ తెరిచి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ పెట్టి చూడమనండి. శబ్దం ఏ ఎత్తు వరకు ఉందో రంగుల్లో కనిపిస్తుంది. పాత రకం ఫోన్ కాల్‌లో గొంతు సుమారు 3,400 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఇప్పటి 4జీ వోల్టీ కాల్‌లో సుమారు 7,000 దాకా వస్తుంది. కొన్ని కొత్త ఫోన్ల మధ్య అంతకన్నా పైకి వెళ్లే కాల్స్ కూడా ఉన్నాయి, అందుకని దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. గొంతు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు సెకనుకి 22,050 లేదా 24,000 శాంపిళ్ల వేగంతో ఫైలు ఇస్తాయి. ఆ ఫైలులో శబ్దం అందులో సగం, అంటే 11 వేలు, 12 వేల హెర్ట్జ్ దాకా ఉండొచ్చు. మీ నాన్నగారిది కీప్యాడ్ ఫోన్ అయి, క్లిప్‌లో ఆయన గొంతు 11 వేల దాకా ఉంటే "ఇది ఏ నెట్‌వర్క్‌లోంచి వచ్చింది బాబూ" అని అడగొచ్చు. అదే వాయిస్ మెసేజ్‌గా మళ్లీ పట్టినదైతే ఈ ఆధారం కూడా పోయినట్టే.

చెవికి దొరికే ఆనవాళ్ల గురించి ఇంటర్నెట్‌లో బోలెడు రాస్తున్నారు. ఊపిరి తీసుకోవడం వినపడదు, ఉద్వేగం ఉండదు, మాట యంత్రంలా ఉంటుంది అని. 2018లో డీప్‌ఫేక్ వీడియోల్లో, అంటే ఏఐతో చేసిన దొంగ వీడియోల్లో, మనుషులు కనురెప్ప సరిగా వేయరని అమెరికాలో ఒక ప్రొఫెసర్ బృందం కనిపెట్టింది. కొన్ని నెలల్లోనే రెప్పలు వేసే వీడియోలు వచ్చేశాయి. ఊపిరి సంగతీ అంతే అయింది. ఇప్పటి క్లోన్ గొంతులు ఊపిరి తీస్తాయి, గుటక వేస్తాయి. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల నమూనాతోనే గొంతుని అనుకరించగల పద్ధతిని చూపించారు. కాబట్టి లోపం దొరికితే మంచిదే, దొరకకపోతే మాత్రం అసలుదని కాదు. ఈ ఆనవాళ్లు ఒక వైపే పనిచేస్తాయి.

ఒక్క ఆనవాలు మాత్రం నాకు మన ప్రాంతంలో పనికొచ్చింది. దాని కథ చెప్తాను. పలాసలో జీడిపప్పు బట్టీ నడిపే ఒకాయన మీద ఇలాంటి క్లిప్పే వచ్చింది. 52 సెకన్లు. "నేను నాలుగు లక్షలు తీసుకున్న మాట వాస్తవమే, సంక్రాంతి లోపల తిరిగి ఇస్తాను" అని. వాళ్ల ఇంట్లోవాళ్లే నమ్మేశారు. నేనూ మొదటిసారి విన్నప్పుడు గొంతులో తప్పు పట్టలేకపోయాను. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి గంటసేపు కబుర్లు చెప్పించాను. ఆయన మాట "నాను డబ్బులట్టుకున్నానేటి, నాకేటవసరం" అన్న తీరు. తీసుకున్నాను అనడు, అట్టుకున్నాను అంటాడు. వాస్తవం అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. మరి క్లిప్‌లో ఆ పద్ధతైన తెలుగు ఎక్కడిది? గుడి కమిటీ సభలో ఆయన మైకు పట్టుకుని మాట్లాడిన వీడియో ఒకటి యూట్యూబ్‌లో ఉంది. మనవాళ్లకి మైకు చేతికొస్తే పుస్తకాల తెలుగు వస్తుంది కదా. ఆ నాలుగు నిమిషాల వీడియోలోంచే గొంతు తీసుకున్నారని నా అనుమానం. క్లిప్‌లోని లయ, వాక్యం చివర గొంతు లేపడం, అన్నీ సభలో మాట్లాడినట్టే ఉన్నాయి. రాత్రిపూట అప్పు ఇచ్చినవాడితో ఫోన్‌లో ఎవరూ సభాధ్యక్షుడిలా మాట్లాడరు.

అయితే దీన్ని కూడా నేను నివేదికలో ప్రధానంగా రాయలేదు. కారణం ఉంది. రాసిన మాటల్ని గొంతుగా మార్చే పద్ధతి ఒకటి, మనిషి మాట్లాడుతుంటే ఆ గొంతుని ఇంకొకరి గొంతుగా మార్చే పద్ధతి ఒకటి. రెండో పద్ధతిలో మీ ఊరివాడే ఎవడో కూర్చుని "అట్టుకున్నాను" అని అంటే, అదే యాసలో మీ నాన్నగారి గొంతుతో బయటికి వస్తుంది. యాస తప్పితే దొంగతనం బయటపడుతుంది. యాస కుదిరిందని మాత్రం నిజమైపోదు.

పలాస వ్యవహారాన్ని తేల్చింది గొంతు కాదు, ఫోన్ లెక్క. ఫలానా తేదీ రాత్రి 7.40కి వచ్చిన కాల్ అని అవతలివాళ్లు నోటీసులో తేదీ, సమయంతో సహా రాశారు. పోలీసుల ద్వారా కాల్ డేటా రికార్డు తెప్పించారు. ఆ రోజు ఆ రెండు నంబర్ల మధ్య ఒకే ఒక్క కాల్ ఉంది, 19 సెకన్లు. 19 సెకన్ల కాల్‌లో 52 సెకన్ల మాట పట్టదు. అసలు రికార్డింగ్ ఉన్న ఫోన్ తెమ్మంటే చెరువులో పడిపోయిందన్నారు. తర్వాత వాళ్లే రాజీకి వచ్చారు.

అందుకని మీ విషయంలో మొట్టమొదట అవతలివాళ్ల చేత ఒక తేదీ, ఒక సమయం, ఒక నంబరు చెప్పించండి. పెద్దమనుషుల దగ్గరైనా సరే, రాతపూర్వకంగా. మన దగ్గర టెలికాం కంపెనీలు కాల్ డేటాని కనీసం రెండేళ్లు ఉంచాలన్న నిబంధన ఉంది. అందుకే ఆలస్యం చేయొద్దు. ఎదుటివాళ్ల రికార్డు మీకు నేరుగా ఇవ్వరు, పోలీసులో కోర్టో అడగాలి. ఈలోగా మీ నాన్నగారి ఫోన్‌లో కాల్ హిస్టరీ చెరిపేయకుండా చూడండి. వాళ్లు తెలివిగా "అది వాట్సాప్ కాల్" అంటే మాత్రం కాల్ డేటా రికార్డులో దాని వివరం కనపడదు. అప్పుడు మీ నాన్నగారి ఫోన్‌లో అసలు వాట్సాప్ ఉందా, ఆ రోజు నెట్ ఉందా అన్నది చూడాలి. కీప్యాడ్ ఫోన్ అయితే మీకు అదృష్టమే.

ఇక కోర్టు. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. అందులో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఆడియో కాపీని సాక్ష్యంగా పెట్టాలంటే దాంతో పాటు సర్టిఫికెట్ జతచేయాలి. దాని నమూనాలో రెండు భాగాలుంటాయి. మొదటిది ఫైలు తెచ్చినవాళ్లు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. రెండింట్లోనూ ఇందాక చెప్పిన హాష్ విలువ రాయాలి. పాత చట్టంలో 65బీ కింద ఉన్న సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో తేల్చింది. అసలు రికార్డయిన ఫోన్‌నే కోర్టుకి తెచ్చి, దాని యజమాని బోనెక్కి చెప్తే కాపీలకి కావలసిన ఆ సర్టిఫికెట్ అవసరం లేదని కూడా అదే తీర్పులో ఉంది.

అవతలి లాయరు ఆ సర్టిఫికెట్ చూపించి "హాష్ సరిపోయింది, కాబట్టి ఆడియో నిజం" అంటాడు. ఇది విని కంగారుపడకండి. రైసు మిల్లులో బస్తా మూతి కుట్టి సీలు వేస్తారు. సీలు చెదరలేదంటే కుట్టిన తర్వాత ఎవరూ విప్పలేదని అర్థం. లోపల సన్నబియ్యం పోశారా, నూకలు పోశారా అన్నది సీలు చెప్పదు. హాష్ కూడా అంతే. దొంగ క్లిప్‌కి హాష్ తీస్తే, ఆ దొంగ క్లిప్ చెక్కుచెదరకుండా ఉందని తేలుతుంది. సర్టిఫికెట్ క్లిప్‌ని కోర్టు గుమ్మం దాటిస్తుంది, అంతవరకే.

గుమ్మం దాటాక ఏం నిరూపించాలో సుప్రీంకోర్టు 1985లోనే, క్యాసెట్ల కాలంలో, రాంసింగ్ కేసులో చెప్పింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టాలి, రికార్డింగ్ సరైనదని దాన్ని చేసినవాళ్లు రుజువు చేయాలి, మధ్యలో చెరపడం, కలపడం జరగలేదని తేలాలి, భద్రమైన చోట ఉంచి ఉండాలి, మాట స్పష్టంగా వినపడాలి. క్లోనింగ్ అనే మాట పుట్టని రోజుల్లో చెప్పినా ఇవాళ మీకు పనికొచ్చేది అదే. బరువు ముందు క్లిప్ తెచ్చినవాళ్ల మీద ఉంటుంది.

కానీ ఆ జాబితాలో మొదటిదాన్ని జాగ్రత్తగా చూడండి: గొంతు గుర్తుపట్టడం. పాత రోజుల్లో గొంతు ఆయనదని తేలితే, కోతలు అతుకులు లేకపోతే, పని సగం అయిపోయినట్టే. ఇప్పుడు గొంతు ఆయనదిలా ఉండటమే మోసం. పలాస క్లిప్ మొదట ఒక ల్యాబ్‌కి వెళ్లినప్పుడు "ఈ గొంతు, నమూనా గొంతు ఒకరివేనా?" అని మాత్రమే అడిగారు. పోలిక ఉందని జవాబు వచ్చింది. ల్యాబ్ తప్పు కాదు, అడిగిన ప్రశ్నే తప్పు. పోలిక ఉండేలా చేసినదానికి పోలిక ఉందని కాక ఏమొస్తుంది?

కాబట్టి మీ లాయరుతో చెప్పి ల్యాబ్‌కి వెళ్లే ప్రశ్నలు ఇలా రాయించండి. ఈ ఫైలు ఏ పరికరంలో, ఏ యాప్‌తో మొదట రికార్డయింది? ఆ ఫోన్‌లో అదే యాప్‌తో చేసిన వేరే రికార్డింగులతో దీని నిర్మాణం సరిపోతోందా? స్పీకర్ నుంచి మళ్లీ పట్టిన జాడ ఉందా? గొంతు కృత్రిమంగా తయారైన జాడ ఉందా? గొంతు పోలిక చివరి ప్రశ్న కావాలి. వీటిలో మొదటి రెండింటికీ అసలు ఫోన్ లేకుండా జవాబు రాదు. ఫోన్ లేక చెప్పలేమని ల్యాబ్ రాసిచ్చినా మీకు మేలే. మీ నాన్నగారి గొంతు నమూనా ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 2019లో రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని గుర్తించింది, ఇప్పుడది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్ఎస్ఎస్ 349వ సెక్షన్‌లో ఉంది. ఆదేశిస్తే కాదనొద్దు. దాంతో పాటు ఆయన ఇంట్లో మామూలుగా మాట్లాడిన పాత రికార్డులు, పెళ్లి వీడియోలు ఉంటే అవీ ఇవ్వండి.

ఒక మాట ఇబ్బందిగానే అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. నాన్నగారు నిజంగా అనలేదా? ఈ ప్రశ్న వచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతాను. ఎందుకంటే ఇప్పుడు రెండో రకం జనం ఎక్కువయ్యారు. విజయనగరం వైపు ఒక కాంట్రాక్టరు కమీషన్ బేరం ఆడిన ఆడియో బయటికి వస్తే మొదటి రోజే "అది ఏఐ" అనేశాడు. సగం ఊరు సరేనంది. ఈ పరిస్థితి వస్తుందని 2018లోనే చెస్నీ, సిట్రన్ అనే ఇద్దరు అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యులు రాశారు. నకిలీలు చేయగలరని లోకానికి తెలిసిన కొద్దీ, అసలు దొరికిపోయినవాడు అది నకిలీ అని తప్పించుకోవడం సులువవుతుందని. దానికి వాళ్లు పెట్టిన పేరుని మన మాటలో అబద్ధాలకోరు లాభం అనుకోవచ్చు.

ఆ కాంట్రాక్టరు తప్పించుకోలేకపోయాడు. రికార్డు చేసినవాడు తన ఫోన్‌ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫైలు 4 నిమిషాల 12 సెకన్లు, కాల్ డేటాలో అదే కాల్ 4 నిమిషాల 15 సెకన్లు. ఇద్దరి గొంతులూ ఉన్నాయి, ఒకటి నిండుగా, ఒకటి సన్నగా. మధ్యలో కాంట్రాక్టరు వెనక నుంచి ఒక రైలు ఆలస్యం గురించి స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినపడింది. ఆ రోజు ఆ రైలు నిజంగానే ఆలస్యం. ఆయన నంబరు ఆ సమయంలో స్టేషన్ దగ్గరి టవర్ మీదే ఉంది. ఇన్ని వైపుల నుంచి కుదిరేలా ఎవరూ అల్లలేరు. అక్కడా గొంతు పోలిక అవసరం పెద్దగా రాలేదు.

మీ నాన్నగారు అనలేదన్నది ఖాయమైతే ఆలస్యం చేయకుండా రెండు పనులు చేయండి. స్థానిక స్టేషన్‌లోనూ, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఎలక్ట్రానిక్ రికార్డుని ఫోర్జరీ చేయడం ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ 336 కిందికి, తెలిసీ దాన్ని అసలుదిగా వాడటం 340 కిందికి వస్తాయి. ఫిర్యాదులో "ఇది డీప్‌ఫేక్" అని తీర్మానించి రాయకండి, అది తేల్చాల్సింది ల్యాబ్. "మా నాన్నగారు ఈ మాటలు అనలేదు, అసలు ఫోన్‌ని స్వాధీనం చేసుకుని పరీక్షించండి" అని రాయండి. రెండోది, లాయరు ద్వారా అవతలివాళ్లకి నోటీసు: కాల్ తేదీ, సమయం, నంబరు, రికార్డు చేసిన ఫోన్ మోడల్ చెప్పాలి, ఫోన్‌ని ఫార్మాట్ చేయకుండా ఉంచాలి, మూడు లక్షలు నగదా బ్యాంకా చెప్పాలి. చివరిది మరచిపోకండి. ఆడియో గొడవలో పడి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం అందరూ మానేస్తారు. వాళ్ల జవాబు వచ్చాక, ఆ ఫైలు పేరు `PTT-` నా `AUD-` నా అన్నదానితో సహా ఇక్కడ రాయండి, చూద్దాం.